సబ్‌స్క్రిప్షన్ పాజ్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా? ప్లేలిస్టులు, హిస్టరీ, డౌన్‌లోడ్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఇంటర్ పరీక్షలు దగ్గర పడినా, ఇంట్లో ఎవరికైనా కువైట్ టికెట్ బుక్ అయినా కర్నూలులో మా చుట్టుపక్కల వాళ్లు ఇవే సందేహాలతో వస్తుంటారు. ఎక్కువ ప్రశ్నలు యూట్యూబ్ ప్రీమియం మీదే వస్తాయి కాబట్టి దాన్నే వివరంగా రాశాను. నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై వేరుగా పనిచేసే చోట వాటి సంగతి కూడా చెప్పాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## ఆపే ముందు

పాజ్‌కీ క్యాన్సిల్‌కీ అసలు తేడా ఏమి?

తేడా తిరిగి మొదలయ్యే పద్ధతిలో ఉంది. పాజ్ చేస్తే మీరు చెప్పినన్ని నెలలు డబ్బు కట్ కాదు. ఆ గడువు ముగిసిన రోజు సబ్‌స్క్రిప్షన్ దానంతటదే మొదలై డబ్బు కట్ అవుతుంది. క్యాన్సిల్ చేస్తే మళ్లీ మీరు వెళ్లి చేరేదాకా ఏమీ జరగదు. రెండింటిలోనూ కట్టిన నెల పూర్తయ్యేవరకు సౌకర్యాలు ఉంటాయి. పాజ్ చేస్తే డేటా భద్రం, క్యాన్సిల్ చేస్తే మాయం అని చాలామంది అనుకుంటారు కానీ యూట్యూబ్ విషయంలో అది నిజం కాదు. ఎప్పుడు తిరిగి వస్తారో కచ్చితంగా తెలిస్తే పాజ్ చేయండి. తెలియకపోతే క్యాన్సిలే మేలు, ఎందుకంటే మర్చిపోయిన పాజ్ చివరికి డబ్బు కట్ అవడంతోనే గుర్తొస్తుంది.

యూట్యూబ్ ప్రీమియం క్యాన్సిల్ చేస్తే నా ప్లేలిస్టులన్నీ పోతాయా?

పోవు. యాప్‌లో మనకు కనిపించేవన్నీ ఒకే చోట ఉండవు. కొన్ని మీ గూగుల్ అకౌంట్‌కు చెందినవి, కొన్ని మీరు డబ్బు కట్టే ప్లాన్‌కు చెందినవి, కొన్ని మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఉండేవి. మీరు క్యాన్సిల్ చేసేది ప్లాన్‌ను మాత్రమే.

ప్లేలిస్టులు, లైక్ చేసిన వీడియోలు, Watch later, సబ్‌స్క్రైబ్ చేసిన ఛానెళ్లు, చూసిన వీడియోల హిస్టరీ అకౌంట్‌కు చెందినవి. ప్రీమియం తీసుకోకముందు కూడా ఇవన్నీ మీకు ఉన్నాయి కదా, తీసేశాక కూడా అలాగే ఉంటాయి. యూట్యూబ్ మ్యూజిక్‌లో కట్టుకున్న ప్లేలిస్టులు కూడా అంతే. కాకపోతే వినేటప్పుడు యాడ్స్ వస్తాయి, స్క్రీన్ ఆఫ్ చేస్తే పాట ఆగిపోతుంది.

యాడ్స్ లేకపోవడం, స్క్రీన్ ఆఫ్ చేసినా పాట నడవడం ప్లాన్‌తో వచ్చినవి. ప్లాన్ ఆగితే అవీ ఆగుతాయి. ఇక ప్రీమియంతో చేసుకున్న డౌన్‌లోడ్‌లు ఫోన్‌లో ఉన్నా వాటి తాళం మాత్రం ప్లాన్ చేతిలోనే ఉంటుంది. క్యాన్సిల్ చేశాక నిజంగా చేజారేవి ఇవే. ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి నావే అనుకోవద్దు. అవి గ్యాలరీలో కనిపించే మామూలు ఫైళ్లు కావు, యాప్ మాత్రమే తెరవగలిగేవి.

నెట్‌ఫ్లిక్స్‌లో కూడా ఇంతేనా?

కాదు. నెట్‌ఫ్లిక్స్‌కు ఉచిత వెర్షన్ లేదు కాబట్టి క్యాన్సిల్ చేశాక అకౌంట్ నిద్రలోకి పోతుంది. కట్టిన నెల చివరి రోజు వరకు చూడొచ్చు. ఆ తర్వాత డౌన్‌లోడ్‌లు తెరుచుకోవు. ప్రొఫైళ్లు, My List, ఎంతవరకు చూశారన్న గుర్తులు వెంటనే చెరిపేయరు. క్యాన్సిల్ చేసిన 10 నెలల లోపు అదే ఈమెయిల్‌తో తిరిగి చేరితే అవన్నీ ఉన్నచోటే కనిపిస్తాయి. కాబట్టి రెండు మూడు నెలల విరామానికి పాజ్ లేదని టెన్షన్ పడనక్కర్లేదు, క్యాన్సిల్ చేసేసినా నష్టం లేదు. ఏడాదికి పైగా ఆపాలనుకుంటే మాత్రం హిస్టరీ ఉంటుందని నమ్ముకోకండి.

మొబైల్ రీచార్జ్‌తో ఉచితంగా వచ్చిన ఓటీటీని పాజ్ చేయొచ్చా?

చేయలేరు. అది మీరు విడిగా కొన్న సబ్‌స్క్రిప్షన్ కాదు, రీచార్జ్‌తో పాటు వచ్చిన సౌకర్యం. చాలావరకు ప్లాన్ గడువుతో అదీ పోతుంది. విడిగా ఆపాల్సిందీ లేదు, విడిగా డబ్బు కట్ అయ్యేదీ లేదు.

ముందుజాగ్రత్తగా హిస్టరీ, ప్లేలిస్టుల కాపీ తీసి పెట్టుకోవాలంటే?

యూట్యూబ్‌కైతే takeout.google.com తెరవండి. అక్కడ అన్ని గూగుల్ సర్వీసులూ ముందే టిక్ చేసి ఉంటాయి. అలాగే వదిలేస్తే ఫోటోలు, మెయిళ్లు అన్నీ కలిసి పెద్ద మూట వస్తుంది. ముందు Deselect all నొక్కి, కిందికి వెళ్లి YouTube and YouTube Music ఒక్కదాన్నే టిక్ చేయండి. ఫైల్ తయారయ్యాక మెయిల్‌కు లింక్ వస్తుంది.

తెరిచి చూసినవాళ్లు ఒకచోట నిరాశపడతారు. హిస్టరీ ఫైల్ బ్రౌజర్‌లో శుభ్రంగా వీడియో పేర్లతో తెరుచుకుంటుంది. ప్లేలిస్టుల ఫైళ్లలో మాత్రం పేర్లు ఉండవు, ఒక్కో వీడియోకు ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు కోడ్ మాత్రమే ఉంటుంది. అది పాడైన ఫైల్ కాదు. ఆ కోడ్‌ను ఈ కింది విధంగా చివర అతికిస్తే ఆ వీడియోకే వెళుతుంది.

```
https://www.youtube.com/watch?v=కోడ్
```

నెట్‌ఫ్లిక్స్‌లో ఇంకా సులువు. బ్రౌజర్‌లో లాగిన్ అయి netflix.com/viewingactivity తెరిస్తే ఆ ప్రొఫైల్‌లో చూసినవన్నీ తేదీలతో వస్తాయి. అడుగున Download all ఉంటుంది. ఒక్కో ప్రొఫైల్‌కు విడివిడిగా చేయాలి. సబ్‌స్క్రిప్షన్ నడుస్తుండగానే చేసుకోండి.

## ఆపేటప్పుడు

యూట్యూబ్ ప్రీమియంలో పాజ్ ఎక్కడుంది? నాకు ఎక్కడ చూసినా కనిపించడం లేదు.

క్యాన్సిల్ చేసే దారిలోనే దాన్ని లోపల పెట్టారు, అందుకే కనిపించదు. యాప్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి Purchases and memberships లోకి వెళ్లండి. అక్కడ మీ ప్రీమియం మీద నొక్కితే Deactivate వస్తుంది. ఆ మాట చూసి చాలామంది భయపడి వెనక్కి వచ్చేస్తారు. నొక్కండి, అప్పుడే Pause instead అనే అవకాశం కనిపిస్తుంది. 1 నుంచి 6 నెలల వరకు ఎంచుకోవచ్చు. కంప్యూటర్‌లో అయితే youtube.com/paid_memberships తెరిచినా అదే దారి.

అక్కడ కూడా పాజ్ రాకపోతే మీరు ఎక్కడ కొన్నారో చూసుకోండి. ఐఫోన్‌లో ఆపిల్ ద్వారా కొన్నవాళ్లకు పాజ్ ఉండదు, ఫోన్ సెట్టింగ్స్‌లోని సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి క్యాన్సిల్ మాత్రమే చేయగలరు. అదీ బిల్లు తేదీకి కనీసం ఒక రోజు ముందే చేయాలి. ఏడాదికో మూడు నెలలకో ఒకేసారి కట్టిన ప్రీపెయిడ్ ప్లాన్ అయితే పాజ్ చేయడానికి ఏమీ లేదు, గడువయ్యాక దానంతటదే ఆగిపోతుంది.

పాపకు ఇంటర్ పరీక్షలు, తర్వాత ఈఏపీసెట్. అవి అయ్యేదాకా ఎన్ని నెలలు పాజ్ పెట్టాలి?

పాజ్ నొక్కిన రోజు నుంచి లెక్క మొదలవదు, మీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది లెక్క తప్పుతారు.

అనంతపురంలో ఒక ఇల్లు అనుకుందాం. నాన్నగారి అకౌంట్ మీద నెలకు 149 రూపాయల వ్యక్తిగత ప్లాన్ ఉంది, బిల్లు ప్రతి నెల 12న. ఆయన ఫిబ్రవరి 3న మూడు నెలలకు పాజ్ నొక్కారు. కట్టిన డబ్బుకు గడువు ఫిబ్రవరి 12 వరకు ఉంది కాబట్టి ఆ తొమ్మిది రోజులూ యాడ్స్ లేకుండానే నడుస్తుంది. "పాజ్ పని చేయలేదు" అని మళ్లీ మళ్లీ నొక్కాల్సిన పని లేదు. 12న పాజ్ మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ గడిచి మే 12న తిరిగి మొదలై 149 కట్ అవుతుంది. మిగిలింది మూడు బిల్లులు, అంటే 447 రూపాయలు.

ఈఏపీసెట్ మామూలుగా మే నెలలో ఉంటుంది. అంటే సరిగ్గా పరీక్షల హడావుడిలోనే ప్రీమియం మళ్లీ తెరుచుకుంటుంది. ఈ ఇంటికి నాలుగు నెలలు సరిపోతుంది. అప్పుడు జూన్ 12 వరకు ఆగుతుంది, 596 మిగులుతుంది. పరీక్ష ముందే అయిపోతే అదే పేజీలో Resume నొక్కొచ్చు, ఆ రోజే డబ్బు కట్ అవుతుంది. కాబట్టి అనుమానం ఉంటే ఒక నెల ఎక్కువే పెట్టుకోండి.

ఇంకొక మాట. ప్రీమియం ఆపినంత మాత్రాన యూట్యూబ్ ఆగదు. పాప చూడాలనుకుంటే యాడ్స్‌తో చూస్తూనే ఉంటుంది. పాజ్ డబ్బు మిగలడానికి, చదువుకు కాదు.

యూపీఐ యాప్‌లో ఆటోపే ఆపేస్తే చాలదా? ఇవన్నీ ఎందుకు?

డబ్బు పోకుండా ఆపడానికి చాలు, సబ్‌స్క్రిప్షన్ ఆపడానికి చాలదు. ఆటోపే అంటే మీరు బ్యాంకుకు ఇచ్చిన అనుమతి. దాన్ని రద్దు చేసినా మీరు క్యాన్సిల్ చేశారని యూట్యూబ్‌కు తెలియదు. బిల్లు రోజు డబ్బు అడుగుతుంది, రాదు, పేమెంట్ ఫెయిల్ అయిందని మెయిళ్లు పంపుతుంది. కొన్నాళ్లకు ప్రీమియం సౌకర్యాలు తీసేస్తుంది. ప్లేలిస్టులకు, హిస్టరీకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, కానీ ఈ మధ్యలో మీ అకౌంట్ పేజీ గందరగోళంగా కనిపిస్తుంది.

యూపీఐ యాప్‌లలోనూ ఆటోపేకు ఒక పాజ్ ఉంటుంది. అది సబ్‌స్క్రిప్షన్ పాజ్ కాదు. అది నొక్కితే డబ్బు వెళ్లే దారి మాత్రమే మూసుకుంటుంది. ముందు సర్వీసు పేజీలో పాజ్ లేదా క్యాన్సిల్ చేయండి. క్యాన్సిల్ చేసి ఇక తిరిగి రాననుకుంటే ఆ తర్వాత ఆటోపే కూడా రద్దు చేయండి. పాజ్ చేసినవాళ్లు ఆటోపేను కదిలించొద్దు, గడువయ్యాక అదే అనుమతి మీద మళ్లీ నడుస్తుంది.

యాప్ తీసేశాను. అయినా డబ్బులు కట్ అవుతున్నాయి, ఎందుకు?

యాప్ తీసేయడం క్యాన్సిల్ కాదు. గూగుల్ ప్లే ద్వారా కొన్నదైతే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి Payments & subscriptions లో చూడండి, అక్కడ ఇంకా నడుస్తూ ఉంటుంది.

ప్రీమియం పాజ్ చేద్దామని Pause watch history నొక్కేశాను. ఇప్పుడు ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఎంత తరచుగా వస్తుందంటే, ఈ పేజీ రాయడానికి ఇదొక్కటి చాలు. యూట్యూబ్‌లో పాజ్ అన్న మాట రెండు చోట్ల ఉంది. ఒకటి ప్రీమియం సభ్యత్వానిది. రెండోది హిస్టరీది. మీరు నొక్కింది రెండోది. దానివల్ల డబ్బు కట్ అవడం ఆగదు. ఆగింది మీరు చూసేవి నమోదవడం.

పాత హిస్టరీ ఏమీ చెరగలేదు. కానీ నొక్కిన రోజు నుంచి చూసినవి రాసుకోవడం ఆగిపోయింది. ఒక గంట పాఠం సగం చూసి వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచే మొదలవదు. హోమ్ పేజీలో వచ్చే సూచనలు కూడా పాతబడిపోతాయి, ఆ తర్వాత మీరేం చూశారో దానికి తెలియదు కదా. ఈ ఆగిన రోజుల హిస్టరీ తర్వాత ఎలాగూ తిరిగి రాదు, అసలు ఎక్కడా రాయలేదు.

సరిచేయడం సులువే. హిస్టరీ పేజీలో పైన మెనూలోనే తిరిగి ఆన్ చేసే అవకాశం ఉంటుంది. పక్కనే Clear all watch history ఉంటుంది, తొందరలో వేలు దాని మీద పడకుండా చూసుకోండి. అది నొక్కితే మాత్రం వెనక్కి రాదు.

## ఆగి ఉన్న రోజుల్లో

పాజ్‌లో ఉండగా డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు వినొచ్చా?

వినలేరు. కడప నుంచి తిరుపతి బస్సు ఎక్కాక ఈ సంగతి తెలిసి ఉసూరుమనేవాళ్లే ఎక్కువ. అయితే పాజ్‌కూ క్యాన్సిల్‌కూ డేటా విషయంలో ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. పాజ్ చేస్తే డౌన్‌లోడ్‌లు తాళం పడి ఉంటాయి, తిరిగి మొదలవగానే తెరుచుకుంటాయి. క్యాన్సిల్ చేస్తే మళ్లీ చేరాక కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వస్తుందనే అనుకోండి.

పాజ్ చేసిన రోజుల్లో చూసినవి హిస్టరీలో చేరతాయా?

చేరతాయి. లాగిన్ అయి ఉన్నంతకాలం డబ్బు కట్టినా కట్టకపోయినా హిస్టరీ ఒకటే.

ఫ్యామిలీ ప్లాన్ మా అన్న పేరు మీద ఉంది. ఆయన ఆపేస్తే నా ప్లేలిస్టులు పోతాయా?

యూట్యూబ్‌లో పోవు. ఫ్యామిలీ ప్లాన్‌లో ఎవరి గూగుల్ అకౌంట్ వాళ్లదే. అన్న కట్టిన నెల పూర్తవగానే మీకూ యాడ్స్ మొదలవుతాయి, అంతే. మీరు విడిగా ప్లాన్ తీసుకున్నా అవే ప్లేలిస్టులు కొనసాగుతాయి.

నెట్‌ఫ్లిక్స్‌లో మాత్రం అకౌంట్ ఒక్కటే, అది అన్నది. మీది అందులో ఒక ప్రొఫైల్. ఆయన క్యాన్సిల్ చేసి తిరిగి రాకపోతే మీ హిస్టరీ కూడా ఆయన అకౌంట్‌తోనే పోతుంది. దీనికి 2022లో ప్రొఫైల్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. మీ ప్రొఫైల్‌ను హిస్టరీ, My List తో సహా మీ సొంత అకౌంట్‌కు మార్చుకోవచ్చు. అన్న క్యాన్సిల్ చేయకముందే అడిగి చేయించుకోండి. ఆయన చిరాకుపడి మీ ప్రొఫైల్‌నే డిలీట్ చేస్తే ఇక మార్చడానికి ఏమీ మిగలదు.

రెండేళ్లకు కువైట్ పోతున్నా. స్పాటిఫై ప్రీమియం క్యాన్సిల్ చేసి పోతే నా పాటలు ఉంటాయా?

ఉంటాయి. స్పాటిఫైలో ప్రీమియం తీసేస్తే అకౌంట్ ఉచిత ప్లాన్‌కు దిగుతుంది. ప్లేలిస్టులు, లైక్ చేసిన పాటలు అలాగే ఉంటాయి, డౌన్‌లోడ్‌లు పోతాయి. కానీ ఉచిత ప్లాన్‌లో సొంత దేశం బయట 14 రోజులే నడుస్తుంది. పదిహేనో రోజు యాప్ మొరాయిస్తే అకౌంట్ పోయిందని కంగారు పడొద్దు. అకౌంట్ పేజీలో దేశం మార్చుకుంటే తిరిగి పనిచేస్తుంది. ఇక్కడే ప్రీమియం ఉంచుకుని పోతే ఈ 14 రోజుల అడ్డంకి ఉండదు.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి పోయేవాళ్లకు ఇంతకన్నా పెద్ద చిక్కు సిమ్‌తో వస్తుంది. ఫోన్ నంబర్‌కు వచ్చే ఓటీపీతోనే లాగిన్ అయ్యే యాప్‌లలో మీ వాచ్‌లిస్ట్, హిస్టరీ ఆ నంబర్‌కే కట్టి ఉంటాయి. 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబర్‌ను కంపెనీ ఆపేయొచ్చు, తర్వాత వేరొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు సబ్‌స్క్రిప్షన్ పాజ్‌లో ఉందా, క్యాన్సిల్ అయిందా అన్నది లెక్కలోకే రాదు, లాగిన్ అయ్యే దారే ఉండదు. విమానం ఎక్కేముందే ఆ యాప్‌లలో ఈమెయిల్ జోడించే అవకాశం ఉంటే జోడించండి. లేకపోతే ఇంట్లోవాళ్లతో ఆ నంబర్‌ను రీచార్జ్ చేయిస్తూ ఉండండి.

## తిరిగి మొదలుపెట్టేటప్పుడు

నేనేమీ నొక్కలేదు, అయినా ప్రీమియం డబ్బు కట్ అయింది. తప్పు ఎవరిది?

పాజ్ గడువు ముగిసింది. అంతకుముందే ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోపేతో డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. బ్యాంకు మెసేజ్‌లలోనో యూపీఐ యాప్ నోటిఫికేషన్లలోనో వెతకండి. ఇప్పుడు అవసరం లేకపోతే ఈ రోజే మళ్లీ పాజ్ లేదా క్యాన్సిల్ చేయండి. కట్టిన నెల ఎలాగూ నడుస్తుంది, తర్వాతి బిల్లు ఆగుతుంది.

మళ్లీ చేరాను, కానీ ప్లేలిస్టులు, హిస్టరీ ఒక్కటీ కనిపించడం లేదు.

డేటా పోయిందనుకునే ముందు ఏ అకౌంట్‌లో ఉన్నారో చూడండి. దాదాపు ఎప్పుడూ కారణం అదే. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లు ఉంటాయి, పాతది ఆఫీసు మెయిల్ మీద, కొత్తది సొంత మెయిల్ మీద చేరి ఉంటారు. యూట్యూబ్‌లో ఒకే మెయిల్ కింద రెండు ఛానెళ్లున్నా ఇదే జరుగుతుంది, ఒక్కో ఛానెల్‌కు హిస్టరీ వేరు. ప్రొఫైల్ బొమ్మ నొక్కి Switch account లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. డబ్బు తప్పు అకౌంట్‌లో కట్టి ఉంటే అక్కడ క్యాన్సిల్ చేసి, పాత అకౌంట్‌లో తీసుకోవాలి. ఒక అకౌంట్ ప్లేలిస్టులను ఇంకోదానికి తీసుకెళ్లాలంటే వాటిని Unlisted గా మార్చి, లింక్ పంపుకుని, కొత్త అకౌంట్‌లో సేవ్ చేసుకోవచ్చు. పాత అకౌంట్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు, అసలు ప్లేలిస్ట్ అక్కడే ఉంది.

తుడిచేసిన ప్లేలిస్టును వెనక్కి తెచ్చుకోవచ్చా?

స్పాటిఫైలో తెచ్చుకోవచ్చు. బ్రౌజర్‌లో అకౌంట్ పేజీకి వెళ్లి Recover playlists నొక్కితే గత 90 రోజుల్లో తుడిచేసినవి కనిపిస్తాయి. మొత్తం అకౌంట్‌నే మూసేసి ఉంటే మాత్రం గడువు 7 రోజులే, ఆ సమయంలో మెయిల్‌కు వచ్చిన లింక్‌తో తిరిగి తెరవాలి. యూట్యూబ్‌లో ప్లేలిస్ట్ డిలీట్ చేస్తే వెనక్కి తెచ్చే బటన్ లేదు. అంతకుముందు టేక్అవుట్‌తో తీసి పెట్టుకున్న ఫైల్ ఉంటే అందులోని కోడ్‌లతో ఒక్కో వీడియో మళ్లీ చేర్చుకోవాల్సిందే.